తడిగుడ్డలో పది గింజలు

ఆ వారం మొదట్లో నా చేతిలో ఉన్నవి ఇవి: నలభై రేకు డబ్బాలు, ఒక త్రాసు, ఒక కొలగిన్నె, ఒక పాత నూలుగుడ్డ, ఆరేళ్ళ మనవరాలు ఒకతె. ఇవి కాక, నేను చెప్పిన మాటను నమ్మి కొనుక్కెళ్ళే మనుషులు కొంతమంది. త్రాసు పాడైతే ఇంకోటి తెచ్చుకోవచ్చు. ఆ మనుషులు పోతే తెచ్చుకోవడం కష్టం. అందుకే వాళ్ళని కూడా లెక్కలో వేశాను.

నాది విత్తనాల కొట్టు. వీధి చివర, మూడు మెట్లు ఎక్కితే వస్తుంది. ఒక్కో డబ్బాలో ఒక్కో రకం గింజలు. గుమ్మడి, బెండ, టమాటా, ముల్లంగి, పాలకూర. డబ్బా మీద రెండు విషయాలు రాసి ఉంటాయి. ఒకటి గింజ పేరు. రెండోది ఒక అంకె.

ఆ అంకె ఏమిటో చెప్తాను, వినండి.

గింజ లోపల ఒక బుల్లి మొక్క నిద్రపోతూ ఉంటుంది. నీళ్ళు తగిలితే లేస్తుంది. కొన్ని గింజలు లేస్తాయి. కొన్ని ఎంత లేపినా లేవవు. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ముప్పై ఏళ్ళుగా గింజలు అమ్ముతున్న నేను కూడా చూసి చెప్పలేను. మరి కొనేవాళ్ళకి ఎలా చెప్పాలి?

దానికొక పద్ధతి ఉంది. మూటలోంచి చూడకుండా పది గింజలు తీయాలి. బాగున్నవి ఏరుకోకూడదు. గుడ్డని నీళ్ళలో ముంచి, నీరు కారకుండా పిండాలి. నీళ్ళు మరీ ఎక్కువైతే గింజ కుళ్ళిపోతుంది. గుడ్డ మీద పది గింజల్నీ ఒకదానికొకటి తగలకుండా పేర్చి, మడిచి, పళ్ళెంలో పెట్టి, పైన మూత వేయాలి. ఎండ తగలని వెచ్చని మూల పెట్టాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గుడ్డ మీద కాసిని నీళ్ళు చిలకరించాలి. బీన్స్ గింజలైతే ఆరో రోజు విప్పి చూడాలి. ఎన్నిటికి తెల్లటి వేరు వచ్చిందో లెక్కపెట్టాలి.

తొమ్మిదిటికి వస్తే డబ్బా మీద తొమ్మిది. ఐదింటికి వస్తే ఐదు. తొమ్మిది అని ఉంటే తోట వేసేవాళ్ళు ఒక్కో గుంటలో ఒక్కో గింజ వేస్తారు. ఐదు అని ఉంటే రెండేసి వేస్తారు. రెండు అని ఉంటే ఎవరూ కొనరు. అలాంటి మూటని నేనూ కొట్లో పెట్టుకోను.

నా మనవరాలికి పది దాకా లెక్క వచ్చిన రోజునే నేను ఆ పళ్ళెం తన చేతికిచ్చాను. అప్పటినుంచీ వీధిలో అందరూ తనని పదిలెక్క అని పిలవడం మొదలుపెట్టారు. పిలిచినప్పుడల్లా మూతి ముడుచుకునేది కానీ, లోపల దానికి సంతోషమే.

సోమవారం రైతు వచ్చాడు. నాకంటే చిన్నవాడు. నన్ను అన్నా అంటాడు, నేను తమ్ముడూ అంటాను, పదిలెక్క చిన్నతాతా అంటుంది. భుజం మీద బీన్స్ గింజల మూట దించి చెమట తుడుచుకున్నాడు.

"ఈసారి నీడలో ఆరబెట్టానన్నా. నేనూ మీ మరదలూ కూర్చుని ఒక్కో గింజా ఏరాం. ఏరి ఏరి దానికి కళ్ళజోడు వచ్చేలా ఉంది."

"ఏరడం నీ వంతు, చూడటం మా వంతు. వచ్చే ఆదివారం రా, అంకె చెప్తాను."

"చూసేది ఎవరు? నువ్వా?"

"నేనే," అంది పదిలెక్క బల్ల వెనకనుంచి. బల్ల ఎత్తు ఎక్కువ కాబట్టి మాట వినిపించింది కానీ మనిషి కనిపించలేదు.

"అమ్మో, పెద్ద గుమాస్తాగారే చూస్తున్నారా. అయితే నాకు బెంగ లేదు," అని రైతు వెళ్ళిపోయాడు.

పదిలెక్క కళ్ళు మూసుకుని మూటలో చెయ్యి పెట్టి పది గింజలు తీసింది. గుడ్డ పిండింది. పేర్చింది, మడిచింది, మూత పెట్టింది. మంగళవారం గింజలు ఉబ్బాయి. బుధవారం ఇంకా లావయ్యాయి. గురువారం పొద్దున రెండు గింజలకి సూదిమొనంత తెల్లటి వేరు కనిపించింది. పదిలెక్క వాటికి గుడ్ మార్నింగ్ చెప్పి నీళ్ళు చిలకరించింది. పళ్ళెం కిటికీ గట్టు మీద పెట్టింది, చేతికి అందుబాటులో ఉంటుందని.

గురువారం మధ్యాహ్నం పక్కింటి మెట్ల కింద పిల్లి నాలుగు కూనల్ని పెట్టింది.

ఆ తర్వాత జరిగింది మీరు ఊహించగలరు. సాయంత్రం పదిలెక్క మెట్ల కిందే ఉంది. శుక్రవారం పొద్దున కూడా మెట్ల కిందే. శుక్రవారం సాయంత్రం కూడా అంతే. మూడు పూటలు గుడ్డకి నీళ్ళు లేవు. కిటికీలోంచి ఎండ మూత మీద పడుతూనే ఉంది.

శనివారం పొద్దున తనకి పళ్ళెం గుర్తొచ్చింది. పరుగెత్తుకొచ్చి మూత తీసింది. గుడ్డ ఎండుటాకులా బిరుసెక్కింది. ఆ రెండు వేళ్ళూ గోధుమరంగు దారప్పోగుల్లా వాడిపోయాయి. మిగిలిన ఎనిమిది గింజలూ ముడతలు పడి ఉన్నాయి.

ఇవన్నీ నాకు అప్పుడు తెలియవు. తర్వాత తనే చెప్పింది.

తను గబగబా చెంబుడు నీళ్ళు గుడ్డ మీద పోసింది. గింజల మీద ఊదింది. లేవండి, లేవండి అని మెల్లగా బతిమాలింది. కానీ ఒకసారి లేచి, దాహంతో పోయిన గింజ మళ్ళీ లేవదు.

ఆదివారం పొద్దున నేను అడిగాను. "పదిలెక్కా, బీన్స్ ఎన్ని?"

తొమ్మిది అని చెప్దామని తనకి అనిపించిందట. తొమ్మిది అంటే అందరూ సంతోషిస్తారు. కానీ తొమ్మిది అబద్ధమని తనకి తెలుసు. అందుకని నిజమే చెప్పింది.

"రెండు."

"రెండేనా?"

"రెండే, తాతా."

పళ్ళెం చూశాను. రెండే. గుడ్డ నుంచి నీళ్ళు కారుతున్నాయి. చక్కగా పిండే పిల్ల ఇవాళ ఎందుకు పిండలేదని నేను అడగాల్సింది. అడగలేదు. చీటీ మీద 2 అని రాసి మూటకి గుచ్చాను.

రైతు వచ్చాడు. చీటీ చూశాడు. ఇంకోసారి చూశాడు. మూటలోంచి ఒక గింజ తీసి పంటి కింద నొక్కి చూశాడు.

"రెండా, అన్నా?"

"నువ్వే చూడు తమ్ముడూ." పళ్ళెం ముందుకు తోశాను.

అతను చాలాసేపు చూశాడు. వచ్చేటప్పుడు నవ్వుతున్న మొహం కాస్తా దీపం తగ్గించినట్టు అయిపోయింది.

"నేల పాడైందో, నా చెయ్యే పాడైందో. ఏరిందంతా వృథానే అన్నమాట. నేనిది మళ్ళీ మొయ్యలేను అన్నా. నడుము పోతోంది. ఇక్కడే ఉంచుకో. పావురాలకి వేస్తావో, పారేస్తావో నీ ఇష్టం. ఇంట్లో ఇంకో రెండు మూటలున్నాయి. అవీ ఇవే గింజలు. ఉడకబెట్టి మేకలకి పెట్టేస్తాను."

"వచ్చే ఏడు చూద్దాంలే."

"వచ్చే ఏడు గింజల పని పెట్టుకుంటానో లేదో," అని చెప్పి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు పదిలెక్క తల నిమిరాడు. "నీ తప్పేముందిలే తల్లీ, నువ్వు ఉన్నదే చెప్పావు."

ఆ మాటతో పదిలెక్క బల్ల వెనక కింద కూర్చుండిపోయింది. ఏడవలేదు. మోకాళ్ళ మీద గడ్డం ఆనించి నేల వైపు చూస్తోంది. నేను నాలుగు డబ్బాలు తుడిచాక కూడా అలాగే ఉంది.

"కడుపు నొప్పా?"

"కాదు."

"ఆకలా?"

"కాదు. తాతా, నేను రెండు అని చెప్పాను కదా. అది అబద్ధం కాదు కదా?"

"కాదే. రెండే ఉన్నాయి."

"కానీ అది నిజం కూడా కాదు."

డబ్బాలు తుడిచే గుడ్డ పక్కన పెట్టి నేనూ తన పక్కన నేల మీద కూర్చున్నాను. ఇలాంటి మాటలు నిలబడి వింటే సరిగ్గా వినపడవు.

"నేను నీళ్ళు పెట్టలేదు," అంది. "మూడు పూటలు. పిల్లికూనల దగ్గరికి వెళ్ళాను. గింజలు మంచివే తాతా. నేనే చంపేశాను."

ఇక్కడ నా గురించి ఒక సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఈ కథలో నేనూ రెండు అని చెప్పి ఊరుకున్నవాడినే అవుతాను.

తన మాట వినగానే నా బుర్రలో ఒక లెక్క గిర్రున తిరిగింది. గింజలు మంచివి. మూట నా కొట్లో ఉంది. రైతు దాన్ని ఊరికే వదిలేసి వెళ్ళాడు. అంటే ఒక మూట మంచి గింజలు నాకు ఊరికే వచ్చాయి. నేను అడగలేదు, లాక్కోలేదు, అబద్ధమూ చెప్పలేదు. వ్యాపారి బుర్ర కదా, అలా వెంటనే తిరుగుతుంది. ఒక్క క్షణం సంతోషం కూడా వేసింది.

అప్పుడు పదిలెక్క అడిగింది. "తాతా, ఇప్పుడు ఆ మూట ఎవరిది?"

నేను మూట వైపు చూశాను. చీటీ మీద 2 నా చేతిరాతే.

"చిన్నతాతదే," అన్నాను. "లే. అతని ఊరి బస్సు ఇంకా వచ్చి ఉండదు."

మంచి బేరం వేళలో కొట్టు తలుపు వేయడం ముప్పై ఏళ్ళలో అదే మొదటిసారి. ఇద్దరం బస్టాపుకి నడిచాం. దారిలో పదిలెక్క రెండుసార్లు ఆగింది.

"నువ్వు చెప్తావా తాతా?"

"నీళ్ళ సంగతి నీది. నువ్వే చెప్పాలి. నాది ఇంకోటి ఉంది. అది నేను చెప్తాను."

"తిడతాడా?"

"తిట్టొచ్చు. నేను పక్కనే ఉంటాను."

రైతు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో ఇందాకటి గింజనే అటూ ఇటూ తిప్పుతున్నాడు. పదిలెక్క వెళ్ళి అతని ముందు నిలబడింది. నా వేలు వదల్లేదు.

"చిన్నతాతా, నీ గింజలు మంచివే. నేనే నీళ్ళు పెట్టలేదు. అందుకే ఎండిపోయాయి. శనివారం ఎక్కువ నీళ్ళు పోసి ఎవరికీ తెలియకుండా చేశాను."

రైతు గింజని తిప్పడం ఆపాడు.

"ఎన్ని పూటలు పెట్టలేదు?"

మూడు వేళ్ళు చూపించింది.

"అన్ని పూటలు ఎక్కడికి పోయావు?"

"పిల్లికూనల దగ్గరికి."

"ఎన్ని?"

"నాలుగు."

"కళ్ళు తెరిచాయా?"

"ఇంకా లేదు."

"ఊఁ," అన్నాడు. నవ్వు వచ్చింది కానీ ఆపుకున్నాడు. "చూడు తల్లీ. బస్టాపు దాకా నా గింజల్ని నేనే తిట్టుకుంటూ వచ్చాను. ఇంటికెళ్ళగానే ఆ రెండు మూటలూ పొయ్యెక్కించేవాణ్ణి. నువ్వు ఈ బస్సు వెళ్ళిపోయాక వచ్చి ఉంటే నా మేకలకి ఇవాళ విందు."

పదిలెక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాకు కోపం రాకుండా ఉండాలంటే నువ్వు చెప్పాల్సింది ఆదివారం కాదు, శనివారం," అన్నాడు మళ్ళీ మెల్లగా. "అయినా చెప్పావు. అదీ నువ్వే వచ్చి చెప్పావు."

నా వంతు వచ్చింది. "తమ్ముడూ, గుడ్డ కారుతుంటే నేను అడగలేదు. అది నా తప్పు. ఇంకోటి. మూట ఊరికే వచ్చిందని ఒక్క క్షణం సంతోషపడ్డాను."

"ఒక్క క్షణమేనా అన్నా?"

"రెండు అనుకో."

ఈసారి అతను నవ్వు ఆపుకోలేదు.

మళ్ళీ చూడాలంటే మళ్ళీ ఆరు రోజులు కావాలి. ఈలోపు తోటమ్మ బీన్స్ కోసం వచ్చింది. వీధిలో అందరికీ కూరగాయలు పండించి అమ్మేది ఆవిడే. గుంటలు తవ్వుకుని కూర్చున్నానని కంగారుపడింది. "ఇంకా అంకె రాలేదమ్మా," అన్నాను. "మొన్న రెండు అన్నారట కదా," అంది. జరిగింది జరిగినట్టు చెప్పాను. పదిలెక్క బల్ల వెనక దాక్కుంటుందనుకున్నాను. కానీ ముందుకొచ్చి, "ఆ రెండు నాది, గింజలది కాదు," అంది. తోటమ్మ పదిలెక్క బుగ్గ గిల్లి, ఆగుతానంది.

ఈసారి పదిలెక్క గోడ మీద సుద్దముక్కతో గీతలు గీసింది. నీళ్ళు పెట్టాకే గీత, పెట్టకముందు కాదు. ఒక సాయంత్రం ఆలస్యమైంది. పెట్టాక గీత గీసి, పక్కన చిన్న సున్నా చుట్టింది. "ఎందుకే సున్నా?" అంటే, "ఆలస్యమైందని," అంది. ఎవరూ అడగకుండానే.

ఆరో రోజు రైతు వచ్చాడు. గుడ్డ విప్పాం. తెల్లటి వేళ్ళు వంకీలు తిరిగి ఉన్నాయి. పదిలెక్క ఒక్కోదాని మీదా వేలు పెట్టి లెక్కపెట్టింది. చివరి గింజ దగ్గర ఆగింది. అది మెత్తబడి నల్లగా ఉంది.

"తొమ్మిది," అంది.

రైతు నాకు కన్ను గీటి, తన వైపు వంగాడు. "పది అని రాయించు తల్లీ. ఒక్కటే కదా తేడా. పది అంటే నా మూట ఎంత ముచ్చటగా ఉంటుంది."

పదిలెక్క ఆలోచనలో పడింది. చిన్నతాతని సంతోషపెట్టాలని ఎంతో ఉంది. ఒకసారి బాధపెట్టింది కదా. ఆ నల్ల గింజని తిప్పి చూసింది. ఇంకోసారి తిప్పి చూసింది. వేరు లేదు.

"తొమ్మిదే చిన్నతాతా. ఇది లేవలేదు. ఈసారి నీళ్ళు పెట్టాను."

"అంతేనంటావా?"

"అంతే."

"అయితే తొమ్మిదే రాయి అన్నా," అన్నాడు రైతు. "ఈ గుమాస్తా తొమ్మిది అంటే, ఇక తొమ్మిదే."

నేను పాత చీటీ మీద 2 కొట్టేశాను. చింపి పారేయలేదు. పక్కనే 9 రాశాను. తోటమ్మ వచ్చి ఆ చీటీ చదివి, గుంటకొక్క గింజ లెక్కన కొనుక్కెళ్ళింది.

మొత్తం లెక్క చెప్పే ముందు మీకు కొన్ని ప్రశ్నలు. చదివి వినిపించే పెద్దవాళ్ళు తొందరపడి జవాబు చెప్పేయకండి. పిల్లల్ని ఆలోచించుకోనివ్వండి.

పదిలెక్క రెండు అని చెప్పినప్పుడు అబద్ధం చెప్పిందా? ఏ మాట చెప్పకుండా దాచింది?

రైతు తల నిమిరి, నీ తప్పేముందిలే అన్నప్పుడు పదిలెక్కకి ఎందుకు బాధేసింది?

మూట ఊరికే వచ్చిందని తాత సంతోషపడ్డాడు. ఉంచేసుకుని ఉంటే ఎవరికి నష్టం?

పదిలెక్క శనివారమే చెప్పి ఉంటే ఏం జరిగేది? ఆలస్యంగా చెప్పినా మంచిదేనా?

చివర్లో రైతు పది అని రాయించమన్నాడు. పది అని రాస్తే తోటమ్మకి ఏమయ్యేది?

మీరు ఎప్పుడైనా ఒక పని మరిచిపోయి, ఎవరికీ తెలియకుండా సర్దేయాలనుకున్నారా? అప్పుడు మీకు ఎలా అనిపించింది?

కావాలంటే మీరూ ఇంట్లో ఒక గుడ్డ తడిపి పది గింజలు పెట్టి చూడండి. ఎన్ని లేస్తే అన్నే చెప్పండి.

ఇక లెక్క.

పోయినవి: మొదటి గుడ్డలో పది గింజలు, రెండో గుడ్డలో ఒక నల్ల గింజ. ఆరు రోజులు. ఒక పూట బేరం.

వచ్చినవి: కుండీలో నాటిన తొమ్మిది మొక్కలు. రెండు మూటల గింజలు, మేకల నోట్లోకి పోకుండా. పళ్ళెం చూడగానే నీళ్ళు పెట్టావా అని అడగడం నేర్చుకున్న ఒక తాత. సున్నా చుట్టడం తనంతట తానే నేర్చుకున్న ఒక గుమాస్తా. మర్చిపోబోయాను, కళ్ళు తెరిచిన పిల్లికూనలు నాలుగు. వాటిలో ఒకటి ఇప్పుడు మా కొట్టులో గుమ్మడి డబ్బా మీద పడుకుంటోంది.